పేరు కలిసిన చోటే లెక్క తప్పింది: ఒక మండలంలో రెవెన్యూ గ్రామాలు, గ్రామ పంచాయతీలు

ఇది 2022లో నేను చేసిన పని. దక్షిణ తెలంగాణలో తండాలు ఎక్కువగా ఉన్న ఒక మండలం. మండలం పేరు, ఊళ్ల అసలు పేర్లు రాయడం లేదు. కింద వచ్చే పెద్దూరు, ఎగువ తండా, దిగువ తండా, గుట్టగూడెం అన్నీ నేను పెట్టిన పేర్లే. తప్పు మాత్రం నిజంగా జరిగింది, అందులో ఎక్కువ భాగం నాదే.

పని ఏమిటి

ఒక సంస్థ ఆ మండలంలో పొలాల్లో వాన నీరు నిలిపే గుంటలు, అంటే ఫాంపాండ్లు, 240 తవ్వించడానికి డబ్బు ఇస్తానంది. ఏ ఊరికి ఎన్ని ఇవ్వాలో తేల్చి, ముందు వెనుకల జాబితా తయారు చేయడం నా పని. వాళ్లు పెట్టిన షరతు సులువుగానే ఉంది: కుటుంబానికి సగటున సాగుభూమి ఎక్కడ తక్కువగా ఉందో ఆ ఊరు ముందు. అంటే ప్రతి ఊరికి రెండు అంకెలు కావాలి, ఎకరాలు ఎన్ని, కుటుంబాలు ఎన్ని. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే అయిపోతుంది. వారం రోజుల పని అనుకున్నాను.

ఎకరాల లెక్క తహసీల్ ఆఫీసు నుంచి వచ్చింది. అందులో 19 ఊళ్లు ఉన్నాయి. కుటుంబాల లెక్క మండల పరిషత్ ఆఫీసు నుంచి వచ్చింది. అందులో 34 ఊళ్లు ఉన్నాయి. రెండు ఆఫీసుల మధ్య దూరం ఒక కాంపౌండు గోడ.

ఈ తేడా నాకు తెలియనిది కాదు. తహసీల్ ఆఫీసుకు ఊరంటే రెవెన్యూ గ్రామం. నిజాం కాలంలో సర్వే, బందోబస్తు చేసినప్పుడు భూమిని కొలిచి, సర్వే నంబర్లు వేసి, నక్షా గీసి ఒక్కో గ్రామానికి పొలిమేర కట్టారు. శిస్తు వసూలు కోసం గీసిన గీత అది. లోపల మనుషులు ఎందరున్నారన్నది దానికి పట్టదు. అందుకే మనిషి అనేవాడు లేని రెవెన్యూ గ్రామాలు కూడా ఉన్నాయి. వాటిని బేచిరాక్ గ్రామాలంటారు. చిరాగ్ అంటే దీపం, బేచిరాగ్ అంటే దీపం వెలగని ఊరు. ఇల్లు ఒక్కటీ ఉండదు, కానీ నక్షా ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, పాసుపుస్తకాల్లో ఆ ఊరి పేరు అచ్చవుతుంది.

మండల పరిషత్‌కు ఊరంటే గ్రామ పంచాయతీ. అది ప్రకటనతో పుడుతుంది. రాజ్యాంగం 243వ అధికరణ ప్రకారం గవర్నరు పబ్లిక్ నోటిఫికేషన్‌తో గ్రామంగా ప్రకటించినదే పంచాయతీల విషయంలో గ్రామం. అది కొన్ని గ్రామాల గుంపు కూడా కావచ్చు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఒక రెవెన్యూ గ్రామాన్నయినా, అందులోని శివారు పల్లెనయినా గ్రామంగా ప్రకటించే వీలిచ్చింది. తెలంగాణలో 2018 చట్టంతో 4,383 కొత్త పంచాయతీలు వచ్చాయి, మొత్తం 12,751 అయ్యాయి. ఐదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలు విడిగా పంచాయతీలయ్యాయి. ఆ ఆగస్టు 2న కొత్త పంచాయతీలు పని మొదలుపెట్టాయి. అయితే వాటి కోసం కొత్త రెవెన్యూ గ్రామాలు పుట్టలేదు. తండాకు సర్పంచి వచ్చాడు, ఆఫీసు వచ్చింది, కార్యదర్శి వచ్చాడు. అక్కడి పొలం మాత్రం పహాణీలో పాత పెద్ద ఊరి పేరుమీదే ఉండిపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ రెవెన్యూ గ్రామాలు 17 వేల పైచిలుకు, పంచాయతీలు 13 వేల పైచిలుకు. చిన్న చిన్న రెవెన్యూ గ్రామాలను కొన్నింటిని కలిపి ఒక పంచాయతీ చేయడం అక్కడ మామూలు, ఏజెన్సీలో మరీ ఎక్కువ. కాబట్టి ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న సూత్రం ఏమీ లేదు. భూమి గీత ఒక కారణంతో గీశారు, పంచాయతీ గీత ఇంకో కారణంతో గీశారు.

మొదటి ప్రయత్నం: పేరుకు పేరు

ఇంత తెలిసీ నేను చేసిన పని ఏమిటంటే, రెండు పట్టికలనూ ఎక్సెల్‌లో పెట్టి ఊరి పేరు మీద VLOOKUP వేశాను. స్పెల్లింగులు సరిచేశాక 16 పేర్లు కలిశాయి. కలవనివి అటు 3, ఇటు 18.

అటువైపు మూడింటిలో రెండు బేచిరాక్. మూడోది చిన్న ఊరు, మొదటినుంచీ పక్క ఊరి పంచాయతీలో ఉంది. ఇటువైపు 18 అన్నీ 2018లో వచ్చిన తండాలు, గూడేలు. ఆ 21 పేర్లను పసుపు రంగు వేసి పక్కన పెట్టాను. వాటి సంగతి తర్వాత చూద్దాం, 16 అయితే ఖాయం అనుకున్నాను. ఈ కేసులో అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. కలవని పేర్లు ఎలాగూ చెయ్యెత్తి పిలుస్తాయి, వాటిని చూడక తప్పదు. కలిసిన పేర్లను ఎవరూ తిరిగి చూడరు.

పెద్దూరు సంగతి చూడండి. రెవెన్యూ గ్రామంగా పెద్దూరుకు పట్టా సాగుభూమి 2,900 ఎకరాలు. పంచాయతీగా పెద్దూరుకు 520 కుటుంబాలు. భాగిస్తే కుటుంబానికి ఐదున్నర ఎకరాలు దాటింది. మండలంలో అన్నిటికన్నా ఎక్కువ భూమి ఉన్న ఊరిగా తేలి, జాబితా అడుక్కు పోయింది. నిజానికి ఆ 2,900 ఎకరాల మీద నాలుగు పంచాయతీలు కూర్చుని ఉన్నాయి. పెద్దూరు 520, ఎగువ తండా 260, దిగువ తండా 230, గుట్టగూడెం 170, మొత్తం 1,180 కుటుంబాలు. నేను నలుగురి భూమిని ఒక్కరి కుటుంబాలతో భాగించాను.

ఇంకో తమాషా జరిగింది. మా టీములో ఒకరు 2011 జనాభా లెక్కలు కూడా పక్కన చేర్చారు. సెన్సస్ వాళ్లు గ్రామమంటే రెవెన్యూ గ్రామాన్నే తీసుకుంటారు. పెద్దూరుకు 2011లో 5,120 మంది. పంచాయతీ దగ్గరున్న తాజా లెక్కలో 2,260 మంది. సగానికన్నా ఎక్కువ జనం మాయం. ముసాయిదాలో ఆ పక్కన "తీవ్రమైన వలస" అని రాసేశారు. ఆ ప్రాంతంలో వలస నిజంగానే ఉంది కాబట్టి చదివినవాళ్లెవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. వలస పోయారని మేం రాసిన మనుషులు కిలోమీటరున్నర దూరంలో, తమ తమ తండాల్లో, తమ సర్పంచులతో హాయిగా ఉన్నారు.

ముసాయిదా బయటికొచ్చిన నాలుగో రోజున పెద్దూరు సర్పంచి వచ్చారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. "సార్, మా ఊళ్లె ఐదెకరాలోడు ఎవడో సూపియ్యండి, దండేసి దండం పెడ్త" అన్నారు. అప్పుడుగానీ నేను కూర్చుని పట్టిక విప్పి చూడలేదు.

రెండో ప్రయత్నం: జనాభాను బట్టి పంచడం

తప్పు తెలిశాక మొదట తట్టిన దారి ఇది. ఒక రెవెన్యూ గ్రామంలో నాలుగు పంచాయతీలుంటే, భూమిని కుటుంబాల లెక్కన నాలుగింటికీ పంచేయడం. చాలా ప్లానింగ్ రిపోర్టుల్లో ఇదే చేస్తారు, పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. పెద్దూరు లెక్కలో దిగువ తండా వాటా సుమారు 565 ఎకరాలు వచ్చింది.

ఇందులో ఒక చిక్కు నాకు పంచేటప్పుడే కనిపించాల్సింది. ఇలా పంచితే నాలుగు పంచాయతీలకూ సగటు ఒకటే వస్తుంది, 2.46 ఎకరాలు. 2,900ను 1,180తో భాగిస్తే వచ్చేదే అది. మేం తేల్చాల్సిందే ఈ ఊళ్ల మధ్య తేడా. ఆ తేడాను చెరిపేసే పద్ధతితో తేడా ఎలా తేలుతుంది? అయినా మొదటిదానికన్నా నయమే కదా అనుకుని గ్రామసభలో చదివాను.

దిగువ తండాలో చదువుతుంటే ఒక పెద్దాయన మధ్యలో ఆపారు. "మా భూములు పెద్దూర్ల యాడున్నయ్ సార్? మావన్నీ వాగు అవతల బేచిరాకుల ఉన్నయి" అన్నారు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు లోపలికెళ్లి పాసుపుస్తకాలు తెచ్చారు. గ్రామం అన్న చోట పెద్దూరు పేరు లేదు. నేను పసుపు రంగు వేసి పక్కన పెట్టిన రెండు బేచిరాక్ గ్రామాల్లో ఒకదాని పేరుంది. నా పట్టికలో ఆ ఊరికి 640 ఎకరాలు, సున్నా కుటుంబాలు. సున్నాతో భాగించలేక ఎక్సెల్ #DIV/0! అని చూపిస్తే, లెక్కకు పనికిరాని ఊరు అని తీసేశాను. ఆ 640 ఎకరాల్లో 430 ఈ తండావాళ్లవే.

ఇల్లున్న చోటే పొలం ఉంటుందని మేం ఎవరూ అనలేదు, కానీ లెక్క మొత్తం ఆ ఊహ మీదే కట్టాం.

మూడో ప్రయత్నం: హద్దులు గీయడం

సరే, పంచాయతీల హద్దులే నక్షా మీద గీస్తే గొడవ వదులుతుంది కదా అన్నారు సంస్థవాళ్లు. మండల పరిషత్‌లో 2018 నాటి ప్రతిపాదనల ఫైలు అడిగి చూశాను. 18 కొత్త పంచాయతీల్లో 7 చోట్ల సర్వే నంబర్లు రాసి ఉన్నాయి. మిగతా 11 చోట్ల ఫలానా తండా, ఫలానా శివారు అని పేర్లు మాత్రమే. రాసిన ఏడింటిలో కూడా ఒకే సర్వే నంబరు రెండు పంచాయతీల కింద కనపడిన చోట్లున్నాయి. సర్వే నంబరులోని ముక్కలకు వేసే బై నంబర్లు రాయకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. పెద్ద సర్వే నంబరు ఇరవై ముప్పై ఎకరాలుంటుంది, దాని మధ్యలో నుంచి బాట పోతుంది, బాటకు ఆ పక్క ఒక తండా, ఈ పక్క ఇంకోటి.

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో రెవెన్యూ గ్రామానికీ పంచాయతీకీ లంకె ఉంటుంది. రెండింటికీ వేరువేరు కోడ్‌లుంటాయి, ఏ పంచాయతీ కింద ఏ గ్రామం పూర్తిగా ఉంది, ఏది కొంత భాగం ఉంది అన్నది కూడా చెబుతుంది. పేర్లు కలపడం కన్నా కోడ్ పట్టుకుని కలపడం ఎంతో మేలు, మొదటిరోజే అది చూసుంటే 16 పేర్లలో ఎన్ని ముక్కలై ఉన్నాయో తెలిసేది. కానీ "కొంత భాగం" అంటే ఏ భాగమో అందులో లేదు. నలుగురికీ కొంత భాగమే అయినప్పుడు నా ఎకరాలకు అది చాలదు.

హద్దులు గీయడం ఆపడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. మేం గీసింది ప్రైవేటు సంస్థ రిపోర్టులోని బొమ్మే అయినా, ఊళ్లో దాన్ని అలా చూడరు. అప్పటికే ఒక రైస్‌మిల్లు ఇంటిపన్ను ఎవరిదని రెండు పంచాయతీల మధ్య మాటామాటా నడుస్తోంది. మా నక్షా వాళ్ల చేతికి చిక్కితే ఫాంపాండ్ల పని అక్కడితో సరి. పైగా మాకు కావాల్సింది హద్దు కాదని అప్పటికి తెలిసొచ్చింది. ఎవరి పొలం ఎక్కడుందో తెలిస్తే చాలు.

ఏది పనిచేసింది

చివరికి ప్రశ్నను రెండుగా విరగ్గొట్టాం. భూమి ఎక్కడుంది? దీనికి జవాబు రెవెన్యూ గ్రామం, సర్వే నంబరు. మనిషి ఎక్కడుంటాడు? దీనికి జవాబు ఆవాసం, అంటే తండానో, గూడెమో, వాడకట్టో. ఒక ఆవాసం ఒకే పంచాయతీలో ఉంటుంది కాబట్టి ఆవాసం తెలిస్తే పంచాయతీ తెలిసినట్టే. ఈ రెండింటి మధ్య వంతెన పట్టాదారే. ఆయన పేరు రెండు చోట్లా ఉంటుంది.

ఫాంపాండు పనికి ఇది అన్ని విధాలా సరిపోయింది. తవ్వే స్థలం సర్వే నంబరులో ఉంటుంది, అది రెవెన్యూ రికార్డు. ఉపాధి హామీ కింద కూలి ఇప్పించాలంటే జాబ్‌కార్డు కావాలి, అది పంచాయతీ రికార్డు. ఎలాగూ ఒక్కో లబ్ధిదారుకు రెండూ చూడాల్సిందే. ఆ చూసేదేదో చివర్లో కాకుండా ముందే చూశాం.

పద్ధతి ఇలా సాగింది. రెవెన్యూ గ్రామం వారీగా పట్టాదారుల జాబితా తీసుకున్నాం. వ్యవసాయ విస్తరణాధికారుల దగ్గర అది రైతుబంధు కోసం అప్పటికే ఉంది. ప్రతి పేరు పక్కన ఒక ఖాళీ గడి పెట్టి, ఆ మనిషి ఉండే ఆవాసం రాయించాం. పంచాయతీ కార్యదర్శులు సగం పేర్లు గుర్తుపట్టారు. మిగతా సగానికి ఇబ్బంది పడ్డాం. వీఆర్వో పోస్టులు 2020లోనే రద్దయ్యాయి, ఫలానా నంబరులో సాగు ఎవరిదో చెప్పే మనిషి ఆఫీసులో లేడు. చివరికి పెద్దూరులో పని మానేసిన ఒక ముసలి కావలికారు దొరికాడు. చెట్టు కింద కూర్చోబెట్టి జాబితా చదువుతుంటే, పేరు పూర్తికాక ముందే "ఆయన కొడుకులు ఇద్దరు, పెద్దోడు గూడెంల, చిన్నోడు పట్నంల" అని చెప్పేవాడు. రెండు పూటల్లో ఒక గ్రామం అయిపోయింది. అనుమానమున్న పేర్లను మళ్లీ గ్రామసభలో చదివి సరిచూసుకున్నాం.

పెద్దూరు రెవెన్యూ గ్రామం 2,900 ఎకరాలు ఇలా విడిపోయింది. పెద్దూరు పంచాయతీవాళ్లవి 1,240, ఎగువ తండావాళ్లవి 610, గుట్టగూడెం 330, దిగువ తండా 190. పక్క రెవెన్యూ గ్రామాలవాళ్లవి 180. మిగిలిన 350 ఎకరాలు హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉండేవాళ్లవి. ఈ చివరి అంకె మేం ఊహించనిది. ఊరి భూమిలో ఎనిమిదో వంతు ఏ పంచాయతీ కుటుంబానిదీ కాదు, జనాభాను బట్టి పంచినప్పుడు దాన్నీ ఊరివాళ్లకే రాసేశాం.

ఇప్పుడు సగటులు చూడండి. దిగువ తండాకు పెద్దూరులో 190, బేచిరాక్‌లో 430, మొత్తం 620 ఎకరాలు, కుటుంబానికి 2.70. పెద్దూరుకు 2.38, ఎగువ తండాకు 2.35. గుట్టగూడేనికి 1.94. మొదటి పట్టికలో ఐదున్నర ఎకరాల ఆసామిగా కనిపించిన పెద్దూరు, అసలు లెక్కలో ఎగువ తండాకు సమానంగా ఉంది. పసుపు రంగు వేసి పక్కన పెట్టిన గుట్టగూడెం ఈ నాలుగింటిలో జాబితా మొదటికొచ్చింది. "తీవ్రమైన వలస" అన్న మాట కొట్టేశాం.

ఈ పద్ధతి ఎంతవరకు

ఇది 19 రెవెన్యూ గ్రామాలకు చేయడానికి ఏడు వారాలు పట్టింది. జిల్లా మొత్తానికి ఇలా చేయమంటే నేను వద్దనే చెబుతాను. అక్కడ రెవెన్యూ గ్రామాన్ని ముక్కలు చేయకుండా దాన్నే యూనిట్‌గా పెట్టుకుని, అందులోని పంచాయతీల కుటుంబాలను కలుపుకోవడం మంచిది. ముక్కను మొత్తం చేయడం సులువు, మొత్తాన్ని ముక్క చేయాలంటేనే ఊరూరా తిరగాలి. అయితే మొత్తం చేసేటప్పుడు కూడా ఒక పంచాయతీ రెండు రెవెన్యూ గ్రామాల మీద పరుచుకుని ఉందేమో చూసుకోవాలి.

పట్టాలేని సాగు మా లెక్కలో రాలేదు. గుట్టగూడెంవాళ్లు అడవి అంచున చేసుకునే పోడు ఏ పాసుపుస్తకంలోనూ ఉండదు. దాన్ని కూడా కలిపితే వాళ్ల సగటు కొంత పెరుగుతుంది. కలపాలా వద్దా అన్నదాని మీద మాలో మాకే వాదన జరిగింది. హక్కుపత్రం లేని చోట ఫాంపాండు తవ్వించలేం కాబట్టి వదిలేశాం.

పట్టిక మీద తేదీ వేయడం అప్పటినుంచి నాకు అలవాటైంది. పంచాయతీలు ఏ రోజైనా మారొచ్చు, మున్సిపాలిటీలో కలిసిపోవచ్చు. అలా కలిసినా రెవెన్యూ గ్రామం పోదు. కొండాపూర్‌లో పంచాయతీ ఎప్పుడో పోయింది, ఫ్లాట్ కొన్నవాళ్ల దస్తావేజులో మాత్రం ఇప్పటికీ "కొండాపూర్ గ్రామం, శేరిలింగంపల్లి మండలం" అనే ఉంటుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ పాలనాధికారుల పోస్టులు 10,954 మంజూరు చేసింది, రెవెన్యూ గ్రామానికి ఒకరు చొప్పున. పంచాయతీ కార్యదర్శులేమో పంచాయతీకి ఒకరు. పెద్దూరు లాంటి చోట ఒక పాలనాధికారి ఉంటే నలుగురు కార్యదర్శులుంటారు. ఇప్పుడు ఎవరైనా ఈ పని చేస్తే ఆ ఐదుగురినీ ఒకే రోజు ఒకే చెట్టు కింద కూర్చోబెట్టమంటాను.

ఒకటి మాత్రం తేలకుండా మిగిలింది. ఎగువ తండాకూ గుట్టగూడేనికీ మధ్య, రెండు ప్రతిపాదనల్లోనూ ఉన్న ఒక సర్వే నంబరులో పదకొండెకరాల చెలక ఉంది. రైతు ఎగువ తండా మనిషి, ఆయన ఇష్టప్రకారమే అక్కడ ఫాంపాండు తవ్వించాం. ఏడాది తర్వాత వెళ్లి రెండు పంచాయతీల ఆస్తుల రిజిస్టర్లు తిరగేస్తే, అదే ఫాంపాండు రెండింటిలోనూ ఉంది. మండలం మొత్తం లెక్క కూడితే 241 వస్తోంది.